12 శాతం అన్న అప్పు 21 శాతం ఎలా అవుతుంది: ఫ్లాట్ వడ్డీ లోపలి లెక్క

అప్పు ఇచ్చేవాళ్ళు చెప్పే శాతం వినగానే అది ఎక్కువా తక్కువా అని మనసులో ఒక లెక్క నడిచిపోతుంది, కానీ అంతకంటే ముందు తేలాల్సింది ఆ శాతం దేని మీద అన్నది. మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదా, లేకపోతే ఈరోజుకి ఇంకా మిగిలున్న బాకీ మీదా? మొదటిది ఫ్లాట్ రేటు, రెండోది రెడ్యూసింగ్ బ్యాలెన్స్, అంటే తగ్గే బాకీ మీద వడ్డీ. రెండూ "12 శాతం" అనే చెప్తారు, రెండిట్లోనూ నెలనెలా ఈఎంఐ కట్టడమే, కాగితం కూడా చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కానీ జేబులోంచి పోయే డబ్బు మాత్రం ఒకటి కాదు.

ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 1,20,000 అప్పు, 12 నెలల్లో తీర్చాలి, వడ్డీ 12 శాతం ఫ్లాట్. లెక్క నోటితోనే అయిపోతుంది: 1,20,000 మీద 12 శాతం అంటే 14,400, మొత్తం 1,34,400, పన్నెండుతో భాగిస్తే నెలకి 11,200. ఇందులో అసలు 10,000, వడ్డీ 1,200. ఇంత సులువుగా ఉంటుంది కాబట్టే ఫ్లాట్ రేటు అంత తేలిగ్గా నమ్మబుద్ధేస్తుంది, ఎక్కడా దాపరికం ఉన్నట్టు కనపడదు.

ఇప్పుడు ఆఖరి నెలకి వెళ్ళి చూడండి. అప్పటికి పదకొండు వాయిదాలు కట్టేశారు, ఫ్లాట్ లెక్క ప్రకారమే అసల్లో 1,10,000 తీరిపోయింది, చేతిలో వాడుకుంటున్న అవతలివాళ్ళ డబ్బు 10,000 మాత్రమే. ఆ 10,000కి ఆ ఒక్క నెలకి కడుతున్న వడ్డీ 1,200. అంటే నెలకి 12 శాతం. ఏడాదికి కాదు, నెలకి. మొదటి నెలలో 1,20,000 వాడుకున్నందుకు 1,200 కట్టారు, అప్పుడు అది నెలకి సరిగ్గా ఒక్క శాతం, మాట ప్రకారమే ఉంది, కానీ రెండో నెల నుంచి బాకీ తగ్గుతూ వస్తున్నా వడ్డీ మాత్రం ఉన్న చోటే ఉండిపోయింది. తిరిగి ఇచ్చేసిన డబ్బుకి కూడా వడ్డీ కడుతూ పోవడమే ఫ్లాట్ రేటు, అందులో ఉన్న కిటుకంతా ఇదే.

అదే అప్పు 12 శాతం రెడ్యూసింగ్ అయితే ఏమవుతుందంటే, ప్రతి నెలా ఆ నెల మొదట్లో ఉన్న బాకీ మీద ఒక శాతం వడ్డీ పడుతుంది, ఈఎంఐ 10,662 వస్తుంది, ఏడాదంతా కలిపి వడ్డీ సుమారు 7,942. ఫ్లాట్‌లో 14,400. ఇంచుమించు రెట్టింపు. ఇంకో రకంగా చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది: ఒకరు 12 శాతం ఫ్లాట్ అని, ఇంకొకరు 20 శాతం రెడ్యూసింగ్ అని చెప్తే చాలామంది రెండో మాట వినగానే లేచి వచ్చేస్తారు, కానీ 20 శాతం రెడ్యూసింగ్‌లో ఈఎంఐ 11,116 మాత్రమే, ఏడాదికి వడ్డీ 13,394. ఇరవై అని చెప్పినవాళ్ళ దగ్గరే వెయ్యి తక్కువ పడింది. శాతాన్ని శాతంతో పోల్చడం ఎందుకు ప్రమాదమో ఈ రెండు ఈఎంఐలు పక్కపక్కన పెడితే చాలు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఫ్లాట్ లెక్క దానంతటది మోసం కాదు. అసలు మొత్తం గడువు చివర్లో ఒకేసారి తిరిగిచ్చే పద్ధతి ఉంటే, అంటే నెలనెలా నూటికి ఒకటి చొప్పున వడ్డీ మాత్రమే కడుతూ అసలు ముట్టుకోకుండా ఉంచితే, బాకీ ఎప్పుడూ తగ్గదు కాబట్టి మొదటి మొత్తం మీద వడ్డీ వేయడం సరైనదే, అప్పుడు ఫ్లాటూ రెడ్యూసింగూ ఒకటే అవుతాయి. "నూటికి ఒకటి" అనే మాట అలాంటి అప్పుల్లో నిజం. అదే మాటని నెలనెలా అసలు కూడా తీరే వాయిదాల అప్పులోకి తీసుకొచ్చి పెట్టినప్పుడు మాత్రం దాని అర్థం మారిపోతుంది, మాట పాతదే, లెక్క వేరేది. "నెలకి ఒక శాతమే" అని ఎవరైనా అంటే అసలు ఎప్పుడు తీరుతుంది అన్నది అందుకే అడగాలి.

మరి మన ఉదాహరణలో అసలు రేటు ఎంత? ముందు కాగితం మీద సుమారుగా తేల్చే పద్ధతి చూద్దాం. మొదటి నెల బాకీ 1,20,000, ఆఖరి నెల 10,000, సమానంగా దిగుతూ వస్తే ఏడాది పొడుగునా సగటున వాడుకున్నది 65,000. కట్టిన వడ్డీ 14,400. 14,400ని 65,000తో భాగిస్తే 22.15 శాతం. దీన్నే సూత్రంగా రాస్తే:

```
రేటు ≈ 24 × మొత్తం వడ్డీ ÷ (అప్పు × (నెలలు + 1))
24 × 14400 ÷ (120000 × 13) = 22.15%
```

ఇంకా తొందరగా కావాలంటే ఫ్లాట్ రేటుని రెట్టింపు చేసి కాస్త తగ్గించుకోమంటారు, ఏడాది నుంచి మూడేళ్ళ వాయిదాల అప్పులకి 1.8తో గుణిస్తే బాగానే దగ్గరకొస్తుంది. 10 శాతం ఫ్లాట్ అన్నది ఏడాదికైతే 17.97, మూడేళ్ళకైతే 17.92, అయిదేళ్ళకైతే 17.27 దగ్గర ఉంటుంది. గడువు పెరిగేకొద్దీ పైన రాసిన సగటు బాకీ సూత్రం మాత్రం ఎక్కువ చూపిస్తుంది, అదే అయిదేళ్ళ అప్పుకి 19.67 అని చెప్తుంది, అంటే రెండు శాతం పైన తేడా. నోటి లెక్కకి పనికొస్తుంది కానీ సంతకం పెట్టే ముందు దాని మీద ఆధారపడకూడదు.

ఆ సూత్రం ఎక్కువ చూపించడానికి కారణం ఉంది. ఫ్లాట్ కాగితంలో ప్రతి నెలా అసలు 10,000 తీరుతుందని రాసుకున్నాం గానీ, 11,200 చొప్పున సమానంగా కడుతున్నప్పుడు నిజానికి మొదటి నెలల్లో బాకీ పెద్దది కాబట్టి వడ్డీకి ఎక్కువ పోతుంది, అసల్లో తక్కువ తీరుతుంది. బాకీ మనం అనుకున్నంత వేగంగా దిగదు. సగటు బాకీ 65,000 కాకుండా 67,100 దాకా ఉంటుంది, అందుకే రేటు 22.15 నుంచి కొంచెం కిందకి దిగి 21.46 దగ్గర ఆగుతుంది.

ఈ 21.46 తేల్చడానికి చేత్తో చేసే నేరు సూత్రం లేదు, ఒక రేటు అనుకుని, బాకీ సున్నాకి వస్తుందా లేదా చూసి, రాకపోతే మార్చుకుంటూ పోవాలి. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఆ పని ఒక్క లైన్‌లో అయిపోతుంది:

```
=RATE(12,-11200,120000)*12
```

బ్రాకెట్లో మొదటిది వాయిదాల సంఖ్య, రెండోది ఈఎంఐ, మూడోది చేతికొచ్చిన డబ్బు. ఈఎంఐ ముందు మైనస్ గుర్తు తప్పనిసరి, ఒకటి మన దగ్గరికి వచ్చే డబ్బు, ఇంకోటి మన దగ్గర్నుంచి పోయే డబ్బు కాబట్టి రెండిటికీ ఒకే గుర్తు పెడితే #NUM! అని ఎర్రర్ వస్తుంది. RATE ఇచ్చేది నెల రేటు, అందుకే 12తో గుణించాం. సెల్‌లో 0 అనో 21% అనో మాత్రమే కనపడితే దశాంశాలు పెంచుకోండి, చాలామంది ఇక్కడే లెక్క తప్పిందనుకుని వదిలేస్తారు.

వచ్చిన జవాబు నిజమో కాదో చూసుకోవడం కూడా కష్టమేం కాదు. నెల రేటు 1.788 శాతం. మొదటి నెల 1,20,000 మీద వడ్డీ 2,146, కట్టిన 11,200లో అది పోగా 9,054 అసల్లోకి వెళ్ళింది, బాకీ 1,10,946. రెండో నెల దాని మీద వడ్డీ 1,984, మిగతా 9,216 అసలుకి. ఇలా వేసుకుంటూ పోతే పన్నెండో నెల మొదట్లో బాకీ 11,003 ఉంటుంది, దాని మీద వడ్డీ 197, రెండూ కలిపితే 11,200, బాకీ సున్నా. ఏ రేటు దగ్గర ఆఖరి వాయిదాతో బాకీ సరిగ్గా సున్నా అవుతుందో అదే ఆ అప్పు అసలు రేటు, దీనికి ఇంకో నిర్వచనం అక్కర్లేదు.

ఇప్పటిదాకా చూసింది వడ్డీ ఒక్కటే. అసలు ఖర్చు ఇంకా రాలేదు, ఎందుకంటే 1,20,000 అప్పు రాశారు గానీ చేతికి 1,20,000 వస్తుందని ఎవరూ అనలేదు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, అంటే 2,400, అప్పుకి ఇన్సూరెన్స్ అని ఇంకో 1,200, రెండూ ముందే కోసేసుకుంటే ఖాతాలో పడేది 1,16,400. ఈఎంఐ మాత్రం 11,200లో ఒక్క పైసా తగ్గదు. కాబట్టి సూత్రంలో మూడో అంకె మారాలి:

```
=RATE(12,-11200,116400)*12
```

జవాబు 27.4 శాతం. ఫీజులన్నీ కలిపినా అప్పులో 3 శాతమే కదా, మరి రేటు ఏకంగా ఆరు శాతం ఎందుకు పెరిగింది అని ఇక్కడ ఎవరికైనా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఆ 3 శాతం కోత 1,20,000 మొత్తం మీద పడింది, కానీ ఏడాదిలో సగటున వాడుకున్నది అందులో సగం చిల్లరే, పైగా కోత పడింది మొదటి రోజే. సగం డబ్బు మీద పడినట్టే కాబట్టి బరువు రెట్టింపు అవుతుంది. అదే ఫీజు అయిదేళ్ళ అప్పు మీద అయితే ఏళ్ళ తరబడి పరుచుకుని ఏడాదికి అంత బరువనిపించదు, ఆరు నెలల అప్పు మీద అయితే ఇంకా బరువు. చిన్న గడువు అప్పుల్లో వడ్డీ శాతం కంటే ఫీజు గురించే ఎక్కువ బేరం ఆడాలి అనేది అందుకే. కొన్నిసార్లు ఫీజు కోయకుండా అప్పులోనే కలిపేస్తారు, చేతికి పూర్తి డబ్బు వచ్చింది కదా అని సంతోషం ఉంటుంది గానీ ఫ్లాట్ అయితే ఆ ఫీజు మీద కూడా గడువంతా వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఇంకో అలవాటు ఉంది, మొదటి ఈఎంఐ ముందే తీసేసుకోవడం, దాన్ని అడ్వాన్స్ ఈఎంఐ అంటారు. వినడానికి "ఎప్పటికైనా కట్టాల్సిందేగా" అన్నట్టే ఉంటుంది. కానీ ఫీజులు పోగా వచ్చిన 1,16,400లోంచి అప్పు ఇచ్చిన రోజే 11,200 వెనక్కి తీసుకుంటే నిజంగా చేతికొచ్చింది 1,05,200, ఇంకా కట్టాల్సినవి పదకొండు వాయిదాలు:

```
=RATE(11,-11200,105200)*12
```

ఇది 32.75 దగ్గర తేలుతుంది. మొత్తం కట్టే డబ్బు ఏమీ పెరగలేదు, ఒక్క వాయిదా తారీఖు మాత్రమే ముందుకి జరిగింది, అయినా రేటు అయిదు శాతం పైకి వెళ్ళింది. 12 దగ్గర మొదలైన మాట 33 దగ్గరికి వచ్చింది, మధ్యలో ఎవరూ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఇదే ఈ విషయంలో బాధ కలిగించేది, ప్రతి అంకె విడివిడిగా నిజమే, అన్నీ కలిపిన అంకె ఒక్కటే ఎవరూ చెప్పరు.

ఆ కలిపిన అంకెని చెప్పి తీరాలని చట్టాలు వచ్చింది కూడా ఇందుకే. అమెరికాలో 1968లో తెచ్చిన ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం ఏపీఆర్ అనే పేరుతో ఫీజులతో సహా ఏడాది ఖర్చుని ఒక్క శాతంగా చెప్పమంది, ఇండియాలో రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ అప్పులకి, చిన్న పరిశ్రమల అప్పులకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పనిసరి చేసింది, అందులో ఏపీఆర్ ఉండాలి. ఇలాంటి కాగితం చేతికొస్తే అందులో చూడాల్సిన మొదటి అంకె ఇదే, వడ్డీ రేటు కాదు.

కాకపోతే ఏపీఆర్ అనే మాట కూడా అన్ని చోట్లా ఒకే లెక్క కాదు, రెండు అప్పుల్ని పోల్చేటప్పుడు ఇది తెలిసుండాలి. అమెరికా పద్ధతిలో నెల రేటుని 12తో గుణిస్తారు, మనం పైన చేసింది అదే, ఫీజులతో కలిపి 27.4. యూరోపియన్ యూనియన్ పద్ధతిలో నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడినట్టు చక్రవడ్డీ లెక్కన ఏడాదికి మారుస్తారు, అప్పుడు అదే అప్పు 31.1 అవుతుంది. షీట్‌లో అయితే ఇలా:

```
=EFFECT(0.274,12)
```

రెండూ తప్పు కాదు, ఒకే అప్పుని రెండు కొలబద్దలతో కొలవడం. ఒక అప్పుకి ఒక కొలబద్ద, ఇంకోదానికి ఇంకో కొలబద్ద పెట్టి పోలిస్తేనే చిక్కు. అందుకే ఎవరి అంకెనీ నేరుగా తీసుకోకుండా చేతికొచ్చేదెంత, వాయిదా ఎంత, ఎన్ని వాయిదాలు, ఈ మూడే అడిగి అన్ని అప్పులకీ ఒకే RATE వేసుకోవడం మేలు. ఫ్లాట్ అన్నా రెడ్యూసింగ్ అన్నా జీరో వడ్డీ అన్నా ఈ మూడు అంకెల్లో దాక్కోవడానికి చోటుండదు.

ఇక ఎక్కువమంది ముందుగా ఆలోచించని సంగతి, మధ్యలో అప్పు మూసేయడం. ఆరు వాయిదాలు కట్టాక చేతిలో డబ్బు పడింది, మిగతాది ఒకేసారి కట్టేద్దాం అనుకున్నారు, ఎంత కట్టాలి? అసలు రేటు 21.46 మీద న్యాయంగా లెక్క వేస్తే మిగిలిన బాకీ 63,187. షీట్‌లో ఇది ఇలా వస్తుంది:

```
=PV(RATE(12,-11200,120000),6,-11200)
```

ఫ్లాట్ కాగితం చూసి "ఆరు పదులు అరవై వేలే కదా మిగిలింది" అనుకుని వెళ్తే మూడు వేల దాకా తేడా వస్తుంది, అందులో మోసం ఏమీ లేదు, మొదటి నెలల్లో వడ్డీ ఎక్కువ పోతుందని పైన చూసిందే. అయితే కొన్ని చోట్ల వేరే లెక్క వాడతారు, దానికి రూల్ ఆఫ్ 78 అని పేరు. ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే 78 వస్తుంది, మొత్తం వడ్డీలో మొదటి నెలకి 78లో 12 వంతులు, రెండో నెలకి 11 వంతులు, ఇలా దిగుతూ ఆఖరి నెలకి ఒక్క వంతు. ఆరు నెలలకి 57 వంతులు, అంటే 14,400లో 10,523 వడ్డీ కింద ముందే లాగేసినట్టు, బాకీ 63,323 అవుతుంది. ఏడాది అప్పులో తేడా 136, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ గడువు పెరిగితే ఇదే లెక్క కొరుకుతుంది: లక్ష అప్పు, అయిదేళ్ళు, 10 శాతం ఫ్లాట్, ఏడాది తర్వాత మూసేస్తే ఈ పద్ధతిలో 87,869 అడుగుతారు, న్యాయమైన బాకీ 86,200 చిల్లర, సుమారు 1,650 అదనం. అమెరికాలో 61 నెలలు దాటిన అప్పులకి ఈ పద్ధతి వాడకూడదని 1992లో చట్టం చేశారంటే గడువుతో పాటు ఇది ఎలా పెరుగుతుందో అర్థం చేసుకోవచ్చు.

అన్నిటికంటే అన్యాయమైనది మూడో రకం: "ఫ్లాట్ కాబట్టి వడ్డీ మొత్తం ముందే ఖాయమైపోయింది, మిగిలిన ఆరు వాయిదాలూ కట్టేయండి" అనడం. అంటే 67,200. ముందుగా తీర్చేసినందుకు ఒక్క పైసా తగ్గలేదు, ఏడాది వడ్డీ మొత్తం ఆరు నెలలకే వసూలైపోయింది, ఫీజులు వదిలేసి లెక్క వేసినా రేటు 21.46 నుంచి 29 దాటిపోతుంది. దీని మీద మళ్ళీ ముందుగా మూసినందుకు ఛార్జీ అని వేరే వేస్తే అది ఇంకా అదనం. ఇలాంటి షరతు ఉన్న అప్పుని ముందుగా తీర్చడంలో లాభమేమీ ఉండదు, ఆ డబ్బు చేతిలో ఉంచుకుని వాయిదాలు వాయిదాల్లాగే కట్టడం నయం.

ఈ మూడిట్లో ఏది వర్తిస్తుందో చాలాసార్లు కాగితంలో ఒకే ఒక్క చిన్న వాక్యంలో ఉంటుంది, చదివినా అర్థం కాదు. దానికంటే సంతకం ముందే "ఆరో వాయిదా కట్టిన మర్నాడు మూసేస్తే ఎంత కట్టాలి, అంకె రాసివ్వండి" అని అడగడం సులువు. 63 వేల దగ్గర రాసిచ్చారా, 67,200 రాసిచ్చారా అన్నదాన్ని బట్టి ఏ లెక్క నడుస్తుందో అక్కడే తెలిసిపోతుంది.